అడ్రసబుల్ ఫైర్ అలారం ప్యానెల్‌కు చోటు ఎలా తెలుస్తుంది, ఎంతవరకు తెలుస్తుంది

ప్రశ్న: కర్నూలులో మూడంతస్తుల నర్సింగ్ హోమ్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. ఆరు జోన్ల కన్వెన్షనల్ ప్యానెల్ ఉంది. మాటిమాటికీ జోన్ 3 ఫాల్ట్ వస్తోంది. అందులో 18 డిటెక్టర్లున్నాయి, ఏదో తెలీదు. అడ్రసబుల్ పెట్టుకుంటే ఏ డిటెక్టరో, వైరు ఎక్కడ తెగిందో అదే చెప్పేస్తుందంటున్నారు. నిజమేనా? దానికెలా తెలుస్తుంది?

జవాబు:

ఏ డిటెక్టరో చెప్తుంది. వైరు ఎక్కడ తెగిందో మాత్రం సగమే చెప్తుంది, మిగతా సగం మీ చేతిలో ఉండే లూప్ డ్రాయింగ్ చెప్పాలి. ఆ డ్రాయింగ్ సరిగా లేకపోతే ఖరీదైన ప్యానెల్ కూడా మిమ్మల్ని తప్పు గదికి పంపిస్తుంది. ముందు మీ పాత ప్యానెల్ సంగతి చూద్దాం. దానికి ఎందుకు తెలియదో అర్థమైతే, కొత్తదానికి ఎలా తెలుస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

మీ జోన్ 3 అంటే ప్యానెల్ నుంచి బయల్దేరి, సీలింగ్‌కు బిగించిన 18 డిటెక్టర్ బేసుల గుండా వెళ్లే రెండు వైర్లు, అంతే. వాటి మీద దాదాపు 24 వోల్టుల డీసీ ఉంటుంది. చివరి బేసులో ఒక ఈఓఎల్, అంటే ఎండ్ ఆఫ్ లైన్, రెసిస్టర్ బిగించి ఉంటుంది. విలువ ప్యానెల్‌ను బట్టి మారుతుంది కానీ 4.7 కిలో ఓమ్‌లు అనుకుందాం. అప్పుడు మామూలు రోజుల్లో ఆ రెసిస్టర్ గుండా 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు పోతూ ఉంటుంది. డిటెక్టర్లు తమ కోసం తీసుకునేది చాలా తక్కువ. ఏదైనా డిటెక్టర్‌కు పొగ తగిలితే అది లైనుకు అడ్డంగా కొన్ని వందల ఓమ్‌ల లోడ్ పెడుతుంది, కరెంటు ఒక్కసారిగా చాలా రెట్లు పెరుగుతుంది, ప్యానెల్ "ఫైర్" అంటుంది. కరెంటు సున్నా అయితే వైరు తెగినట్టు, హద్దు దాటిపోతే షార్ట్ అయినట్టు లెక్క. అంటే 18 డిటెక్టర్ల తరఫున ప్యానెల్‌కు చేరేది ఒకే ఒక్క కరెంటు విలువ. అందులో పేరు లేదు, వరస లేదు. కాబట్టి సెట్టింగ్‌లు ఎంత మార్చినా దాని నుంచి జోన్ నంబరు కన్నా ఎక్కువ రాబట్టలేరు.

ఫైర్ వచ్చినప్పుడు కన్వెన్షనల్‌లో కూడా మరీ ఇబ్బంది ఉండదు. అలారం ఇచ్చిన డిటెక్టర్ మీద ఎర్ర ఎల్‌ఈడీ వెలిగి, ప్యానెల్ రీసెట్ చేసేదాకా అలాగే ఉంటుంది. తాళం వేసిన గదులకు తలుపు బయట, లోపలి డిటెక్టర్ అలారం ఇస్తే వెలిగే ఆర్‌ఐ ల్యాంప్ పెట్టి ఉంటే వరండాలో నడుస్తూనే పట్టుకోవచ్చు. అందుకే చూసి వచ్చేదాకా రీసెట్ కొట్టొద్దని వాచ్‌మన్‌లకు గట్టిగా చెప్పాలి. ఫాల్ట్‌తోనే అసలు కష్టం, ఎందుకంటే ఫాల్ట్‌కు ఏ ఎల్‌ఈడీ వెలగదు.

మీ జోన్ 3ని ఇలా పట్టుకోండి. ముందు 18 హెడ్లూ, అంటే బేసుకు తిప్పి తగిలించే డిటెక్టర్లు, బేసులో పూర్తిగా తిరిగి కూర్చున్నాయో లేదో చూడండి. కన్వెన్షనల్ బేసుల్లో హెడ్ తీస్తే లైను అక్కడే తెగేలా వైరింగ్ చేస్తారు, దొంగతనంగా తీసేసినా తెలియాలని. కాబట్టి బూజు దులిపేటప్పుడు కాస్త వదులైన హెడ్ ఒక్కటి చాలు. అన్నీ గట్టిగానే ఉంటే మల్టీమీటర్ తీసుకుని వైరింగ్ వరసలో తొమ్మిదో బేసు దగ్గరికి వెళ్లండి. దాని లోపలికి వచ్చే టెర్మినళ్ల మీద ప్యానెల్ వోల్టేజీ ఉందంటే తెగింది అక్కడి నుంచి ముందుకు, లేదంటే వెనక. మిగిలిన సగంలో మళ్లీ సగం దగ్గర చూడండి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 18 బేసుల్లో నాలుగైదు చోట్ల చూస్తే దొరికిపోతుంది. ఒకటోదాని నుంచి వరసగా నిచ్చెనెక్కి దిగాల్సిన పని లేదు. ఈ పని వాయిదా వేయకండి. లైను తెగితే ప్యానెల్ వైపు డిటెక్టర్లు పనిచేస్తూనే ఉంటాయి, తెగిన చోటికి అవతల ఉన్నవన్నీ చచ్చినట్టే. మీకు కనిపించేది మాత్రం ఒక్క పసుపు లైటే.

ఇక అడ్రసబుల్. ఇందులో కూడా వైర్లు రెండే. ఆ రెండు వైర్ల మీదే కరెంటు సరఫరా, మాటామంతీ రెండూ జరుగుతాయి. ప్రతి డిటెక్టర్‌కు, మంట చూసినవాళ్లు చేత్తో నొక్కే ఎంసీపీకి, మాడ్యూల్‌కు ఒక నంబరు ఉంటుంది. కొన్నింటిలో స్క్రూ డ్రైవర్‌తో తిప్పే రెండు చిన్న చక్రాలుంటాయి, ఒకటి పదులకు, ఒకటి ఒకట్లకు. కొన్నింటిలో డిప్ స్విచ్‌లు, కొన్నింటిలో బేసులో గుచ్చే ప్లాస్టిక్ కార్డు. ప్యానెల్ లైన్ వోల్టేజీని గబగబా పైకీ కిందికీ మారుస్తూ ఒక్కో నంబరును పిలుస్తుంది. ఆ నంబరున్న పరికరం ఒక్కటే కరెంటు పల్సుల రూపంలో జవాబిస్తుంది. బడిలో పంతులు హాజరు పిలిచినట్టు ఒకటి, రెండు, మూడు అంటూ చివరిదాకా పిలిచి మళ్లీ మొదటికి వస్తుంది. ఈ చుట్టు రోజంతా ఆగదు.

జవాబులో "ఉన్నాను" అన్న మాటతో పాటు ఆ క్షణంలో డిటెక్టర్ లోపలి చిన్న అర ఎంత పొగను చూస్తోందో చెప్పే అంకె కూడా ఉంటుంది. ఉదాహరణకు అపోలో అనే డిటెక్టర్ల కంపెనీ ఎక్స్‌పీ95 ప్రోటోకాల్‌లో శుభ్రమైన గాలికి ఈ విలువ 25 దగ్గర ఉంటుంది, 45కు ప్రీ-అలారం, 55కు ఫైర్. నిర్ణయం తీసుకునేది డిటెక్టర్ కాదు, ప్యానెల్. దీనివల్ల మన ప్రాంతంలో ఒక మంచి లాభం ఉంది. బేతంచెర్ల బండలు కోసి పాలిష్ పట్టే చోట, లేదా పక్కన కొత్త కట్టడం నడుస్తున్న చోట, సన్నటి దుమ్ము లోపల చేరి విలువ 25 నుంచి మెల్లగా 30, 35కు పాకుతుంది. కన్వెన్షనల్ డిటెక్టర్ అయితే ఏమీ చెప్పకుండా ఊరుకుని, ఒక అర్ధరాత్రి ఉత్తినే హూటర్ మోగిస్తుంది. ఇక్కడ మీరు మెనూలోకి వెళ్లి విలువలు చూస్తే ఏ హెడ్ శుభ్రం చేయాలో ముందే కనిపిస్తుంది.

పిలిస్తే పలకకపోతే ఆ నంబరుతో `DEVICE MISSING` లాంటి సందేశం వస్తుంది. హెడ్ తీసేసినా, కాలిపోయినా ఇదే. ఇంతవరకు ప్యానెల్ నిజంగానే ఖచ్చితంగా వేలు పెట్టి చూపిస్తుంది.

ఇక్కడే ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. ప్యానెల్‌కు తెలిసింది నంబరు మాత్రమే. స్క్రీన్ మీద `L1 D037 ROOM 207` అని కనిపిస్తే, అందులో `ROOM 207` అన్నది ప్రోగ్రామింగ్ రోజున ఎవరో లాప్‌టాప్‌లో టైపు చేసిన మాట. 37 నిజంగా 207లో ఉందా అని సరిచూసుకునే మార్గం ప్యానెల్‌కు లేదు. అడ్రస్ హెడ్ మీదే సెట్ చేసే రకాల్లో పెయింటర్లు వచ్చి వెళ్లాక ఇది తరచూ చూస్తాను. రంగులు వేయడానికి వరండా పొడుగునా హెడ్లన్నీ తీసి బకెట్లో వేస్తారు, అయ్యాక చేతికొచ్చింది చేతికొచ్చిన బేసుకు తగిలిస్తారు. అన్ని నంబర్లూ పలుకుతున్నాయి కాబట్టి ఫాల్ట్ రాదు. 207లో పొగ వస్తే స్క్రీన్ మీద 211 అని పడుతుంది. పొగ డిటెక్టర్ ఉండాల్సిన నంబరులో హీట్ డిటెక్టర్ వస్తే మాత్రం రకం తప్పని పట్టుకుంటుంది, ఒకే రకం రెండు తారుమారైతే పట్టుకోలేదు. అడ్రస్ కార్డు బేసులోనే ఉండే రకంలో ఈ బాధ లేదు, ఏ హెడ్ పెట్టినా ఆ చోటి నంబరే పలుకుతుంది. మీ చేతిలో ఎంపిక ఉంటే హాస్పిటల్‌కు నేను ఆ రకమే తీసుకోమంటాను.

ఒకే నంబరు రెండింటికి పడటం ఇంకో రకం. ప్యానెల్ 23ను పిలిస్తే రెండూ ఒకేసారి పలుకుతాయి. కొత్త ప్యానెళ్లు డబుల్ అడ్రస్ అని గుర్తిస్తాయి. సాధారణంగా దాంతో పాటే 32 కనిపించట్లేదనో 24 కనిపించట్లేదనో వస్తుంది, ఎందుకంటే చక్రం తప్పు తిప్పింది దాన్నే. 23 అని రాసి ఉన్న హెడ్ తీసేయండి. తీశాక కూడా ప్యానెల్ 23 ఉందంటోందంటే దొంగ 23 ఇంకెక్కడో ఉంది, కనిపించని నంబరు ఉండాల్సిన గదికి నేరుగా వెళ్లండి.

ఇప్పుడు మీరడిగిన అసలు మాట, తెగిన వైరు. అడ్రసబుల్ లూప్ అంటే వైరు ప్యానెల్ నుంచి బయల్దేరి అన్ని పరికరాలూ తిరిగి మళ్లీ ప్యానెల్‌కే వస్తుంది. మధ్యలో ఒకచోట తెగితే ప్యానెల్ రెండు కొసల నుంచీ సరఫరా ఇస్తుంది, అన్ని డిటెక్టర్లూ పలుకుతూనే ఉంటాయి. ఇది చాలా గొప్ప సౌకర్యం, కానీ దాని పర్యవసానం చూడండి. అన్నీ పలుకుతున్నాయి కాబట్టి ఎక్కడ తెగిందో చెప్పడానికి చాలా ప్యానెళ్ల దగ్గర ఆధారమే ఉండదు. స్క్రీన్ మీద `LOOP 1 OPEN` అని మాత్రం వస్తుంది. అన్నీ పనిచేస్తున్నాయి కదా అని చాలాచోట్ల బజర్ ఆపేసి నెలల తరబడి వదిలేస్తారు. తర్వాత రెండో చోట తెగిన రోజున ఆ తెగిన రెండు చోట్ల మధ్య ఉన్నవన్నీ ఒక్కసారిగా పోతాయి.

కర్నూలులోనే ఒక హాస్పిటల్‌లో జరిగింది చెప్తాను. ఒక లూపు, 62 పరికరాలు, స్క్రీన్ మీద `LOOP 1 OPEN`. ఇలాంటప్పుడు చేయాల్సిన పని తిరుగు కొసను, అంటే ప్యానెల్‌కు వెనక్కి వచ్చే రెండు వైర్లను, విప్పేయడం. అప్పుడు సరఫరా ఒక్క వైపు నుంచే పోతుంది, తెగిన చోటికి అవతలివి పలకడం మానేస్తాయి. ఈ పని చేసేంతసేపు అవతలి గదులకు రక్షణ ఉండదు కాబట్టి ముందే సిబ్బందికి చెప్పి, ఒక మనిషిని ఆ వార్డుల్లో తిరగమని పెట్టాం.

తిరుగు కొస విప్పాక పలికినవి 1 నుంచి 17, ఇంకా 44, 45. మొత్తం 19. మిగతా 43 కనిపించలేదు. చేతిలో ఉన్న డ్రాయింగ్ ప్రకారం 17 తర్వాత 18. కాబట్టి అంతకుముందు వచ్చిన వాళ్లు 17 ఉన్న మొదటి అంతస్తు వరండాకు, 18 ఉన్న స్టోర్ రూముకు మధ్య సీలింగ్ పలకలు విప్పి చూశారు, ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. 17 దగ్గరే తెగి ఉంటే 44, 45 ఎలా పలుకుతున్నాయి? అవి 17కు ఇవతలే ఎక్కడో లైనులో ఉండాలి, లేదా 17కు, తెగిన చోటుకు మధ్య ఉండాలి. లేబుళ్లు చూస్తే 44, 45, 46 మూడూ ఐసీయూవి. లూప్ వేశాక కొన్నాళ్లకు ఐసీయూ పెంచినప్పుడు 17, 18 మధ్య వైరును కోసి ఆ మూడింటినీ అందులో కలిపారు, డ్రాయింగ్ మాత్రం మార్చలేదు. అంటే అసలు వరస 17, 44, 45, 46, 18. 45 పలుకుతోంది, 46 పలకట్లేదు.

నిర్ధారించుకోవడానికి తిరగేసి చేశాం. తిరుగు కొస కలిపి, మొదటి కొస విప్పాం. ఇప్పుడు సరిగ్గా ఆ 43 పలికి, ముందు పలికిన 19 ఆగిపోయాయి. రెండు జాబితాల మధ్య ఏ పరికరమూ మిగల్లేదు కాబట్టి తెగింది ఒక్కచోటే. మళ్లీ మొదటి కొస కలిపి, తిరుగు కొస విప్పి, 45 నుంచి బయటికి పోయే టెర్మినళ్ల మీద మీటర్ పెడితే వోల్టేజీ ఉంది, డేటా పల్సుల వల్ల అంకె కాస్త ఊగుతుంది. 46లోకి వచ్చే టెర్మినళ్ల మీద ఏమీ లేదు. ఆ రెండింటికీ మధ్య ఫాల్స్ సీలింగ్ పైన కొత్త ఏసీ యూనిట్ వేలాడదీసిన రాడ్డు ఉంది. దాన్ని స్లాబుకు బిగించేటప్పుడు కేబుల్ దాని కింద నలిగి, లోపల ఒక కోరు తెగింది. పైతొడుగు చూస్తే చెక్కుచెదరలేదు. అక్కడే ట్విస్ట్ చేసి టేపు చుట్టకుండా 45 నుంచి 46 దాకా కొత్త ముక్క లాగించాం. సీలింగ్‌లో జాయింటు పెడితే మళ్లీ అదే చోటికి నిచ్చెన వేయాల్సి వస్తుంది.

చూశారు కదా, ప్యానెల్ ఇచ్చింది రెండు జాబితాలే. వాటిని చోటుగా మార్చింది వైరు వరస. నంబర్ల వరస, వైరు వరస ఒకటే అని ఎప్పుడూ అనుకోకండి.

షార్ట్ అయితే కథ వేరు. రెండు వైర్లు ఒకచోట కలిస్తే లూప్ వోల్టేజీ మొత్తం పడిపోతుంది, ఏదీ పలకదు. అందుకే మధ్యమధ్యలో ఐసోలేటర్లు పెడతారు. వోల్టేజీ కూలగానే షార్ట్‌కు రెండు వైపులా ఉన్న ఐసోలేటర్లు తెరుచుకుని ఆ ముక్కను లూప్ నుంచి వేరు చేస్తాయి, మిగతాదంతా రెండు కొసల నుంచి నడుస్తుంది. ఆ ముక్కలో ఉన్న పరికరాలు ఒకేసారి మిస్సింగ్ అని వస్తాయి, తెరుచుకున్న ఐసోలేటర్ల మీద సాధారణంగా పసుపు ఎల్‌ఈడీ వెలుగుతుంది. వెలుగుతున్న రెండు ఐసోలేటర్ల మధ్య వెతకాలి. ఖర్చు తగ్గించడానికి లూపంతటికీ ఒకటో రెండో పెట్టి సరిపుచ్చితే, షార్ట్ అయిన రోజున సగం బిల్డింగ్ పోతుంది, వెతకాల్సింది కూడా సగం బిల్డింగే. ఒక్కో ముక్కలో 20 పరికరాలకు మించకుండా చూసుకోండి. అంతస్తు మారే ప్రతిచోటా ఒకటి ఉండాలంటాను.

రెండు రకాల ప్యానెళ్లూ చేతులెత్తేసేది ఎర్త్ ఫాల్ట్ దగ్గర. వానలకు మేడ మీది ఎంసీపీ బాక్సులో నీళ్లు చేరడం, గోడలో కోరు కండ్యూట్‌కు తగలడం లాంటివి. ఏదో ఒక వైరు భూమికి తగిలిందని ప్యానెల్‌కు తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. అన్ని నంబర్లూ పలుకుతూనే ఉంటాయి. దీనికి మళ్లీ ఆ పాత పద్ధతే, లూప్‌ను మధ్యలో విడదీసి ఏ సగం విప్పితే ఫాల్ట్ పోతుందో చూడటం. ఒక్క హెచ్చరిక: పరికరాలు తగిలించి ఉండగా లూప్ మీద ఇన్సులేషన్ పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ వేయనివ్వకండి. లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి.

మీ కొటేషన్ విషయంలో ఒకటి తప్పకుండా చూడండి. ఇప్పుడున్న కన్వెన్షనల్ డిటెక్టర్లను అలాగే ఉంచి, ప్యానెల్ మాత్రం అడ్రసబుల్ పెట్టి, ఒక్కో జోన్‌కు ఒక్కో జోన్ మానిటర్ మాడ్యూల్ తగిలించడం ఒక పద్ధతి. చవకగా అవుతుంది, పద్ధతిలో తప్పేమీ లేదు. కానీ అడ్రస్ ఉండేది ఆ మాడ్యూల్‌కు, డిటెక్టర్లకు కాదు. 18 డిటెక్టర్ల వెనక మళ్లీ అదే ఈఓఎల్ రెసిస్టర్, మళ్లీ అదే ఒక్క కరెంటు విలువ. స్క్రీన్ మీద అక్షరాలు మారతాయి, మీకు తెలిసేది మాత్రం "జోన్ 3" వరకే. కాబట్టి డిటెక్టర్లు కూడా అడ్రసబులేనా, మొత్తం ఎన్ని అడ్రసులు అని కాగితం మీద రాయించుకోండి.

మీది పేషెంట్లను మోసుకుని దించాల్సిన బిల్డింగ్, మూసి ఉండే గదులు, ఫాల్స్ సీలింగ్ ఉన్నాయి కాబట్టి పూర్తి అడ్రసబుల్ పెట్టుకోమనే చెప్తాను. ఒకే హాలు, నాలుగు గదులున్న చోటైతే జోన్లు చిన్నవి చేసి, తలుపుల బయట ఆర్‌ఐ ల్యాంపులు పెట్టుకుంటే చాలనేవాణ్ణి.

డబ్బు పూర్తిగా ఇచ్చేముందు మూడు తీసుకోండి. వైరు నడిచిన వరసలో నంబర్లు, ఐసోలేటర్లు గుర్తించిన లూప్ డ్రాయింగ్. నంబర్లు, గది పేర్లు ఉండే, ప్యానెల్‌లో ఎక్కించిన సైట్ ఫైల్ కాపీ, దాని పాస్‌వర్డ్‌తో సహా. అది వాళ్ల దగ్గరే ఉంటే ఒక గది పేరు మార్చాలన్నా వాళ్లే రావాలి. మూడోది పరీక్ష. ఒకరు ప్యానెల్ దగ్గర నిలబడి ఫోన్‌లో ఉండాలి, ఇంకొకరు టెస్ట్ స్మోక్ డబ్బా పట్టుకుని ప్రతి గదికీ వెళ్లి పొగ కొట్టాలి, స్క్రీన్ మీద పడిన పేరూ తలుపు మీది నంబరూ ఒకటేనా అని జాబితాలో టిక్ పెట్టాలి. కొన్ని చూసి సరే అనుకోవద్దు, అన్నీ చూడాలి. ఆ తర్వాత వాళ్ల ముందే ఎక్కడో ఒక జంక్షన్‌లో లూప్ వైరు విప్పించి, తిరుగు కొస తీసి, కనిపించని నంబర్ల జాబితా రాయించి, డ్రాయింగ్ మీద ఆ చోటు చూపించమనండి. పెయింటర్లు వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆ అంతస్తు వరకు పొగ పరీక్ష మళ్లీ చేయించండి.